ఫ్యాక్టరీ పొగ, పక్క ఇళ్లు: న్యూసెన్స్, కఠిన బాధ్యతలపై సమస్య, సమాధానం

సమస్య (15 మార్కులు)

చౌటుప్పల్ మండలంలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ 2016 నుంచి నడుస్తోంది. దాని ప్రహరీకి 120 మీటర్ల దూరంలో సత్తయ్య 2019లో ఇల్లు కొన్నాడు. పై పోర్షన్‌లో పద్మ అద్దెకుంటోంది. సత్తయ్య మేనల్లుడు రవి చదువు కోసం అదే ఇంట్లో ఉంటున్నాడు, అతనికి ఆస్తమా ఉంది. పక్క పొలంలో యాదగిరి పాలీహౌస్ వేసి ఆర్కిడ్లు పెంచుతున్నాడు.

2024 జూన్‌లో కంపెనీ కొత్త బ్లాకు తెరిచింది. అప్పటినుంచి రాత్రి 11 దాటాక ఘాటైన సాల్వెంట్ వాసన, ఆమ్లపు ఆవిరి వస్తున్నాయి. కాస్టిక్, కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి పొగను కాస్టిక్‌తో కడిగే స్క్రబ్బర్‌ను రాత్రిపూట ఆపుతున్నారని కార్మికులు చెబుతున్నారు. కాలనీ మొత్తానికి నిద్ర లేదు. సత్తయ్య ఇంటి రేకులు తుప్పు పట్టాయి, నిమ్మచెట్ల ఆకులు మాడాయి. యాదగిరి ఆర్కిడ్లు చచ్చిపోయాయి.

2025 జూలైలో ఒక రాత్రి, మూత సరిగా బిగించని థయోనిల్ క్లోరైడ్ పీపాలోకి వాననీరు చేరి విషవాయువులు ఎగిసి కాలనీని కమ్మేశాయి. రవి ఆరు రోజులు ఐసీయూలో ఉన్నాడు. లోపల పనిచేస్తున్న ఒక కార్మికుడి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

కంపెనీ వాదన: కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉంది, సత్తయ్య మా తరువాతే వచ్చాడు, మూత వదిలేసింది కాంట్రాక్టరు మనిషి, వాన దైవఘటన. 2025 అక్టోబరులో బాధితులు సలహా అడుగుతున్నారు. ఎవరికి ఏ హక్కు ఉంది? ఎక్కడికి వెళ్లాలి?

సమాధానం

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి. రోజూ రాత్రి వచ్చే పొగ ఒకటి, జూలై లీకు మరొకటి. రెంటినీ కలిపి ఒకే సిద్ధాంతంతో రాసినవారికి మార్కులు పోతాయి. పొగకు న్యూసెన్స్ ఆధారం, లీకుకు సంపూర్ణ బాధ్యత.

రోజువారీ పొగ: ప్రైవేట్ న్యూసెన్స్ అంటే భూమి అనుభవానికి అనుచితంగా, గణనీయంగా అడ్డు తగలడం. సెయింట్ హెలెన్స్ స్మెల్టింగ్ కంపెనీ వర్సెస్ టిప్పింగ్ (1865) దీన్ని రెండుగా విడదీసింది. ఆస్తికి భౌతిక నష్టం జరిగితే ప్రాంతం ఎలాంటిదన్న ప్రశ్న రాదు. వాసన, నిద్రలేమి లాంటి అసౌకర్యానికైతే ప్రాంత స్వభావం చూస్తారు. అందువల్ల తుప్పు రేకులు, మాడిన నిమ్మచెట్లు సత్తయ్యకు బలమైన పట్టు. ‘ఇది పారిశ్రామిక ప్రాంతం’ అన్న వాదన వాటిమీద పనిచేయదు. వాసన విషయంలో కూడా స్క్రబ్బర్ ఆపి రియాక్టర్ నడపడాన్ని ఏ ప్రాంతంలోనూ సహేతుక వినియోగం అనలేం. హాల్సీ వర్సెస్ ఎస్సో (1961)లో చమురు డిపో వాసన, ఆమ్లపు మసి రెంటికీ పరిహారం దక్కింది. మన దగ్గర డాక్టర్ రాంరాజ్ సింగ్ వర్సెస్ బాబూలాల్ (అలహాబాద్ హైకోర్టు, 1982)లో ఇటుకలు పిండిచేసే యంత్రం దుమ్ము పక్కనే ఉన్న వైద్యుడి క్లినిక్‌కు న్యూసెన్స్ అయింది.

‘తరువాత వచ్చాడు’ అనే వాదన స్టర్జెస్ వర్సెస్ బ్రిడ్జ్‌మన్ (1879)తోనే పోయింది. పైగా ఇక్కడ బాధ మొదలైంది 2024లో. ఇరవై ఏళ్ల అనుభవంతో వచ్చే హక్కు అన్న మాటే ఉండదు. మండలి అనుమతి చట్టబద్ధ అధికారం కాదు. వాయు చట్టం, 1981 సెక్షన్ 21 అనుమతి షరతులతో వస్తుంది. స్క్రబ్బర్ ఆపడంతో ఆ షరతులే ఉల్లంఘన అయ్యాయి.

ఎవరు వేయగలరు? సత్తయ్య యజమాని, పద్మ అద్దెదారు. ఇద్దరికీ స్థలంలో హక్కుంది. రవికి లేదు. హంటర్ వర్సెస్ కెనరీ వార్ఫ్ (1997) ప్రకారం అతను ప్రైవేట్ న్యూసెన్స్ దావా వేయలేడు. యాదగిరిది చిక్కు కేసు. అతి సున్నితమైన వాడకానికి రాబిన్సన్ వర్సెస్ కిల్వర్ట్ (1889) రక్షణ ఇవ్వదు. కానీ పక్కనే మామూలు నిమ్మచెట్లే మాడాయి. మామూలు పంటకూ దెబ్బ తగిలే స్థాయి పొగ అని రుజువైతే ఆర్కిడ్ల నష్టం కూడా అడగవచ్చు. అందుకే యాదగిరి కేసు సత్తయ్య చెట్ల సాక్ష్యం మీద నిలబడుతుంది.

జూలై లీకు: రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ (1868) పెట్టిన కఠిన బాధ్యత నియమానికి ప్రమాదకర వస్తువు తెచ్చిపెట్టడం, అసహజ వినియోగం, అది స్థలం దాటి తప్పించుకుపోవడం కావాలి. మినహాయింపులూ ఉన్నాయి: దైవఘటన, మూడో వ్యక్తి చర్య, వాది తప్పు, సమ్మతి, చట్టాధికారం. ఇవి ఇక్కడ నిలవవు. జూలైలో వాన ఊహించదగినదే. కంపెనీ పనికోసం లోపలికి వచ్చిన కాంట్రాక్టరు మనిషి అపరిచితుడు కాదు.

కానీ ఆ చర్చ దాకా వెళ్లాల్సిన పనే లేదు. ఢిల్లీలో ఓలియం లీకు (1985 డిసెంబరు 4) మీద ఎం.సి. మెహతా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా (1986 డిసెంబరు 20) తీర్పు ప్రమాదకర పరిశ్రమకు మినహాయింపులేవీ లేని సంపూర్ణ బాధ్యత పెట్టింది. వాయువు ప్రహరీ దాటడం కూడా అవసరం లేదు. రీడ్ వర్సెస్ లయన్స్ (1947) వల్ల ఇంగ్లండులో ఓడిపోయే కార్మికుడు ఇక్కడ గెలుస్తాడు. ట్రాన్స్‌కో (2003) ప్రకారం రైలాండ్స్ కింద శరీర గాయాలకు పరిహారం రాదు. రవికి మెహతా దారి చూపుతుంది. పరిహారం కంపెనీ స్థాయిని, శక్తిని బట్టి ఉండాలని కూడా ఆ తీర్పు చెప్పింది. 1996లో రాజస్థాన్ రసాయన కాలుష్యం మీద వచ్చిన బిచ్చ్రి కేసు దాన్నే బలపరిచింది. 2020 మే 7న విశాఖ స్టైరీన్ లీకు తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎన్జీటీ మరుసటి రోజే 50 కోట్లు డిపాజిట్ చేయమన్నప్పుడు ‘కఠిన బాధ్యత’ అన్న మాట వాడింది. సంపూర్ణ బాధ్యత అనాల్సింది కదా అని న్యాయవర్గాల్లో విమర్శ వచ్చింది. జవాబులో ఈ తేడా పాటించండి.

ఎక్కడికి వెళ్లాలి? అసలు కేసులు చెడేది ఇక్కడే. ఎన్జీటీ చట్టం, 2010 సెక్షన్ 29 ప్రకారం ట్రిబ్యునల్ తేల్చగల పరిహారాన్ని సివిల్ కోర్టు చేపట్టకూడదు. సమూహం మొత్తం దెబ్బతిన్న పర్యావరణ వివాదమైతే చెన్నైలోని దక్షిణ బెంచ్. సెక్షన్ 14 గడువు వివాదం ‘మొదట’ పుట్టిన నాటి నుంచి ఆరు నెలలు, తగిన కారణముంటే మరో 60 రోజులు. 2024 జూన్ నాటి పొగ వివాదానికి అది దాటిపోయింది. జూలై 2025 లీకుకు ఇంకా ఉంది. సెక్షన్ 15 పరిహారానికి ఐదేళ్లు, కాబట్టి పొగ నష్టం అక్కడికే తీసుకెళ్లాలి. సెక్షన్ 17 కింద తప్పు రుజువు అక్కర్లేదు. ఒక్క సత్తయ్య ఇంటి రేకుల వివాదమే అయితే సివిల్ కోర్టు దావా. నిరంతర అపకారం కనుక పరిమితి చట్టం సెక్షన్ 22 ప్రకారం గడువు రోజూ కొత్తగా మొదలవుతుంది.

సివిల్ కోర్టులో సివిల్ ప్రక్రియా స్మృతి సీపీసీ ఆర్డర్ 39 రూల్ 1, 2 కింద తాత్కాలిక ఇంజంక్షన్, తుదిగా నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 38 కింద శాశ్వత ఇంజంక్షన్ అడగాలి. ‘ఫ్యాక్టరీ మూసేయాలి’ అని అడిగితే కోర్టు సాధారణంగా తటపటాయిస్తుంది. ‘స్క్రబ్బర్ నడవకుండా రియాక్టర్ నడపరాదు’ అని అడగండి, దొరికే అవకాశం ఎక్కువ. కాలనీ తరఫున ప్రజా న్యూసెన్స్ దావాకు సీపీసీ సెక్షన్ 91: కోర్టు అనుమతితో ఇద్దరు చాలు, ప్రత్యేక నష్టం చూపనక్కర్లేదు. ప్రభుత్వాన్ని లేదా ప్రభుత్వాధికారిని కూడా పార్టీ చేస్తే సెక్షన్ 80 నోటీసు రెండు నెలల ముందు ఇవ్వాలి. అత్యవసరమైతే 80(2) కింద కోర్టు అనుమతి.

వేగం కావాలంటే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు. కొత్త క్రిమినల్ ప్రక్రియా చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 152 (పాత సీఆర్‌పీసీ 133) కింద షరతుతో కూడిన ఉత్తర్వు వస్తుంది, డబ్బు రాదు. మండలికి వాయు చట్టం సెక్షన్ 31ఏ కింద మూసివేతకు, కరెంటు నిలిపివేతకు అధికారముంది.

సాక్ష్యం: వాసన డైరీలో తేదీ, గంట, గాలి దిశ, ఎంతసేపు, ఎవరికి తెలిసింది అన్నవి అదే రాత్రి రాయాలి. మండలికిచ్చిన ప్రతి ఫిర్యాదు నంబరు దాచాలి. పగలు తీసిన గాలి నమూనా రాత్రి పొగను పట్టుకోదు. రాత్రి నమూనా కావాలని రాతపూర్వకంగా అడగాలి. ఆర్డర్ 11 కింద స్క్రబ్బర్ లాగ్‌బుక్, కాస్టిక్ కొనుగోలు రిజిస్టరు, పంపు కరెంటు రీడింగులు రప్పించాలి. ఉత్పత్తి పెరిగి కాస్టిక్ వాడకం తగ్గితే స్క్రబ్బర్ ఆపారని అదే చెబుతుంది. చెట్ల నష్టానికి ఉద్యానశాఖ అధికారి నివేదిక, తుప్పుకు ఆర్డర్ 26 రూల్ 9 కమిషనర్. రవికి డిశ్చార్జి సమ్మరీతో పాటు లీకుకు ముందరి ఆస్తమా రికార్డు కూడా దాఖలు చేయాలి. దాచిపెడితే అడ్డుప్రశ్నల్లో బయటపడి మొత్తం వాదనకే దెబ్బ. పాత జబ్బు ఉన్నంత మాత్రాన బాధ్యత తగ్గదు, ప్రతివాది బాధితుణ్ణి ఉన్నవాడిని ఉన్నట్టే తీసుకోవాలి.