ఏం తోచట్లేదక్కా

చిన్నా, మధ్యాహ్నం 2:14
అక్కా ఖాళీనా? ఏం తోచట్లేదు. చచ్చే బోరు. అమ్మమ్మా పిన్నీ పడుకున్నారు. బయట అడుగు పెడితే కాళ్ళు కాలిపోతున్నాయి. నెట్ ఒక్క గీతే వస్తోంది. పుస్తకం చదువుకో అని మాత్రం అనకు.

అక్క, 2:21
అననులే. ఒక్క గీతకి వీడియోలు రావు గానీ మెసేజీలు వస్తాయిగా, అది చాలు. ఒకటి తినేది, ఒకటి నేల మీద ఆడేది, ఒకటి మంచం దిగకుండా నాతో ఆడేది. నచ్చింది పట్టుకో. ఏదీ వద్దనిపిస్తే పంకా తిరగడం చూస్తూ పడుకో, అదీ పనే.

తినేది పిడత కింద పప్పు. డబ్బాలో మరమరాలు ఉంటే చాలు. మూడు గుప్పిళ్ళు తీసి, ఒకటి వేళ్ళ మధ్య నలుపు. పొడి కాకుండా సాగితే మెత్తబడ్డాయన్నమాట. అప్పుడు ఖాళీ మూకుడులో సన్నటి సెగ మీద రెండు నిమిషాలు కలుపుతూ వేడి చెయ్యి. మంట పెంచావో, పైన మాడిపోయి లోపల మెత్తగానే ఉంటాయి. చల్లారాక అర చెంచా నూనె, పావు చెంచా కారం, కాస్త ఉప్పు వేసి ముందు ఇవి పట్టించు. నూనె లేకపోతే కారం అంతా గిన్నె అడుక్కి పోతుంది. ఆ తర్వాత గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్ళు, సగం ఉల్లిపాయ సన్నగా తరిగి, సగం టమాటా. టమాటాలో గింజలూ రసమూ తీసెయ్, లేకపోతే గంజిలో నానినట్టు అవుతుంది. సగం నిమ్మచెక్క చివర్లో, తినే ముందు పిండు. ఐదు నిమిషాల్లో తినెయ్యాలి, పిన్నికి దాచిపెడితే పాడవుతుంది. కారప్పూస దొరికితే వెయ్యి గానీ ఉప్పు తగ్గించుకో.

చిన్నా, 2:24
మూకుడు తీస్తే పిన్ని లేస్తుంది. ఆట చెప్పు

అక్క, 2:33
పులి-మేక. సుద్దముక్క ఉంటే వసారాలో గచ్చు మీద గియ్యి. ముగ్గుపిండి వద్దు, పంకా గాలికి సగం ఎగిరిపోతుంది.

ముందు పైన ఒక చుక్క పెట్టు. కింద మూరెడు దూరంలో ఒక అడ్డగీత. పై చుక్క నుంచి ఆ అడ్డగీత మీదికి నాలుగు గీతలు విసనకర్రలా దింపు, బయటి రెండూ అడ్డగీత రెండు కొసల మీదికి రావాలి. ఇప్పుడు మధ్యలో ఇంకో మూడు అడ్డగీతలు గియ్యి. ఇక్కడే అందరూ తప్పుతారు: ఈ మూడూ బయటి గీతల దగ్గర ఆగకూడదు, రెండు పక్కలా జానెడు బయటికి రావాలి. ఆ బయటి కొసల్ని ఎడమవైపు ఒక నిలువుగీతతో, కుడివైపు ఇంకో నిలువుగీతతో కలుపు. గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టు. పైన 1, మూడు అడ్డగీతల మీద 6 చొప్పున 18, అడుగున 4, మొత్తం 23 రావాలి. 17 వస్తే పక్క కొసలు మర్చిపోయావని.

మూడు రూపాయి బిళ్ళలు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. ఒక పులి పై చుక్కలో, మిగతా రెండూ దాని కిందున్న అడ్డగీత మీద మధ్య రెండు చోట్లలో. మేకలవాడు ఒక మేక పెడతాడు, పులి ఒక అడుగు జరుగుతుంది, మళ్ళీ మేక, మళ్ళీ పులి. పదిహేనూ పెట్టేదాకా ఏ మేకనీ కదపకూడదు. పులికి ఆనుకుని మేక ఉండి, అదే గీత మీద దాని వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దూకి ఆ మేకని తీసేస్తుంది. ఒక వంతుకి ఒక్కటే. గీత తిరిగే చోట దూకుడు లేదు, తిన్నగానే. మూడు పులులూ కదలలేకపోతే మేకలు గెలిచినట్టు. ఐదు మేకలు పోతే పులులు గెలిచినట్టు అనుకోండి, తర్వాత ఎలాగూ కట్టలేరు.

చిన్నా, 2:36
నేనొక్కడినే ఉన్నా కదా

అక్క, 2:41
రెండు వైపులా నువ్వే ఆడు, అమ్మమ్మ లేచేదాకా. మేకలతో ఒక కిటుకు: పక్క నిలువుగీతల నాలుగు కొసలు, అడుగు గీత రెండు కొసలు, ఈ ఆరు చోట్ల ఉన్న మేకని పులి దూకలేదు. ఎటు చూసినా గీత అక్కడే అయిపోతుంది, వెనక దిగడానికి చోటుండదు. అందుకని ముందు ఆ ఆరూ నింపు. ఏడో మేక నుంచి అసలు కష్టం. దాన్ని ఒంటరిగా మధ్యలో పెట్టావో పోయినట్టే. ఉన్న మేక వెనకాలే ఇంకోటి ఆనించాలి.

అమ్మమ్మ ఆడితే పులులు ఆవిడకి ఇవ్వకు. ఇస్తే సాయంత్రం దాకా గెలుస్తూనే ఉంటుంది.

చిన్నా, 2:43
సుద్దముక్క కనపడట్లేదు 😑 మంచం దిగకుండా ఆడేది ఏంటి

అక్క, 2:50
ఊళ్ళ అంత్యాక్షరి. నేను ఊరి పేరు చెప్తా, దాని చివరి అక్షరంతో నువ్వు ఇంకో ఊరు చెప్పాలి. ఆంధ్రా, తెలంగాణ ఊళ్ళే. గుణింతం పట్టించుకోం, రు వచ్చినా రె వచ్చినా ర కిందే లెక్క. సున్నా వస్తే మ. ఒత్తు ఉంటే కింది అక్షరం తీసుకోవాలి, మాచర్లకి ల. క్ష ఒక్కటీ తేడా, దానికి క. చెప్పిన ఊరు మళ్ళీ చెప్పకూడదు. నేను పనిలో ఉన్నా మధ్యమధ్యలో జవాబిస్తా, ఆలస్యమైతే ఓడిపోయాననుకోకు.

ర, మ, క వస్తే హాయి, రేపల్లె, రాజాం, రాయచోటి, రామగుండం ఎన్నైనా ఉన్నాయి. అవతలివాడిని ఇరికించాలంటే ల గానీ డ గానీ ఇవ్వాలి. మన ఊళ్ళలో సగం ల తోనే ఆగుతాయి, ల తో మొదలయ్యేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డ అయితే విజయవాడ, కాకినాడ అని అందరూ పడేస్తారు, డోన్, డోర్నకల్, డిచ్‌పల్లి దగ్గర పెట్టుకో. డోన్ అన్నావనుకో, నేను నూజివీడు అంటా, మళ్ళీ డ నీ నెత్తి మీదకే. అందుకే ముందు డిచ్‌పల్లి వాడు, దాంతో ల నాకొస్తుంది.

రహస్యాలన్నీ చెప్పేశా. మొదలెడుతున్నా.

తెనాలి.

చిన్నా, 2:52
ల నా అప్పుడే?? మోసం

అక్క, 2:52
ఉన్న ఊరు చెప్పా, మోసమేంటి

చిన్నా, 3:01
లేపాక్షి!!

అక్క, 3:09
క్షకి క కదా. కావలి. మళ్ళీ ల.

చిన్నా, 3:10
ఉండు. అమ్మమ్మ లేచింది, అడిగొస్తా