ఓఆర్ఎస్ కారొసెల్ మొదటి డ్రాఫ్ట్: నా పరిశీలన

మౌనిక గారూ,

ఓఆర్ఎస్ మీద మనం వేయబోయే పోస్టుకు మీరు పంపిన పది స్లయిడ్లూ చూశాను. ఒకసారి లాప్‌టాప్‌లో, రెండోసారి ఫోన్‌లో బొటనవేలితో జరుపుతూ. సమాచారంలో ఒక్కచోట తప్ప తప్పులు లేవు, రంగులు బాగున్నాయి. వాటి జోలికి వెళ్లను. మార్చాల్సింది వరస.

అన్నిటికన్నా ముఖ్యమైనది 8వ స్లయిడ్‌లో ఉంది, అదీ మూడో వాక్యంలో, చిన్న అక్షరాల్లో: "చాలామంది ప్యాకెట్‌లో కొంచెం పొడి తీసి గ్లాసులో కలుపుతారు, ఇది సరికాదు." ఈ పోస్టు అసలు ఎందుకు వేస్తున్నామో చెప్పేది ఈ వాక్యమే. ఓఆర్ఎస్ అంటే ఏమిటో చదివేవాళ్లకు ఎంతో కొంత తెలుసు. తెలియనిది కలిపే కొలత. నీళ్లు తక్కువైతే ఉప్పు గాఢత పెరిగి విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి, పసిపిల్లల రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. నీళ్లు ఎక్కువైతే పోయిన లవణాలు తిరిగి చాలినంత అందవు. ఏడు స్లయిడ్లు దాటుకుని ఎనిమిదో దానికి వచ్చేవాళ్లు కొద్దిమందే. పిల్లాడికి విరేచనాలవుతుంటే ఫోన్ చూస్తున్న తల్లి అసలే రాదు.

అందుకని కవర్ మారాలి. ఇప్పుడున్న "వేసవిలో విరేచనాలా? ఓఆర్ఎస్ గురించి తెలుసుకోండి!" అన్నది అంశం పేరు మాత్రమే, విషయం కాదు. ఇలా పెట్టి చూడండి:

కవర్: "ఓఆర్ఎస్ పొడి కొంచెం తీసి గ్లాసులో కలుపుతున్నారా? ఆగండి."
2వ స్లయిడ్: "ప్యాకెట్ మొత్తం ఒకేసారి. దాని మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలో."

ఇక్కడ మీ డ్రాఫ్ట్‌లో లేని ఒక జాగ్రత్త చేర్చాలి. 5వ స్లయిడ్‌లో "ఒక ప్యాకెట్‌కు ఒక లీటరు" అని ఖాయంగా రాశారు. సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్‌కు అది సరే. కానీ 200 మి.లీ. నీళ్లకు తయారుచేసిన చిన్న ప్యాకెట్లు కూడా మందుల షాపుల్లో దొరుకుతాయి. వాటిని లీటరులో కలిపితే పలచటి తీపినీళ్లే మిగులుతాయి. కాబట్టి మన మాట "లీటరు" కాదు, "ప్యాకెట్ మీద రాసినంత".

ఇక ఒకే స్లయిడ్‌లో రెండేసి విషయాలు ఇరికించిన చోట్లు. మూడు కనిపించాయి.

5వ స్లయిడ్ శీర్షిక: "ఎలా కలపాలి మరియు ఎంత ఇవ్వాలి?" శీర్షికలో "మరియు" కనిపిస్తే అక్కడ రెండు స్లయిడ్లు ఒకే కుర్చీలో కూర్చున్నట్టే. కలపడం ఒకసారి చేసే పని, ఇవ్వడం ప్రతి విరేచనం తర్వాతా చేసే పని. చదివేవాళ్లు ఈ రెంటికీ వేర్వేరు సమయాల్లో వెనక్కి వస్తారు, స్క్రీన్‌షాట్ కూడా విడివిడిగానే తీసుకుంటారు. విడగొట్టండి. కలపడం ఒక స్లయిడ్: చేతులు కడుక్కోవడం, కాచి చల్లార్చిన నీళ్లు కొలిచి పోయడం, పొడి మొత్తం వేసి కరిగేదాకా కలపడం, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయడం. ఇవ్వడం ఇంకో స్లయిడ్: రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి నీళ్ల విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., రెండేళ్లు దాటినవాళ్లకు 100 నుంచి 200 మి.లీ. మి.లీ. పక్కనే ఇంట్లో ఉండే గ్లాసు బొమ్మ వేసి ఎంతవరకో గీత పెట్టండి. అంకె కన్నా గీతే గుర్తుంటుంది.

7వ స్లయిడ్‌లో వాంతి, జింక్ కలిసి ఉన్నాయి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో నెమ్మదిగా పట్టమనడం ఆ క్షణంలో కావాల్సిన సంగతి. జింక్ 14 రోజుల కోర్సు, విరేచనాలు ఆగినా కొనసాగాల్సింది. ఒకటి ఈ నిమిషానిది, ఇంకొకటి రెండు వారాలది. వాంతి విషయం "ఎంత ఇవ్వాలి" స్లయిడ్ తర్వాతకు వెళ్లాలి, జింక్ చివరి భాగానికి.

6వది కాస్త మాయచేస్తుంది. "కూల్‌డ్రింకులు, పండ్లరసాలు వద్దు" అన్న శీర్షిక ఒక్కటే విషయంలా కనిపిస్తుంది. కింద పేరాలో మాత్రం ఇలాంటి పానీయాల డబ్బాల మీద "ఓఆర్ఎస్" అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన ఆదేశం కూడా ఉంది. అది మంచి విషయమే, కానీ విడిగా ఒక పోస్టుకు సరిపడా ఉంది. ఇక్కడ ఒక్క ముక్క చాలు: చక్కెర ఎక్కువైన పానీయం పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఆదేశం సంగతి తీసి పక్కన దాచండి, వచ్చే నెల వాడుకుందాం.

స్లయిడ్ల మధ్య అతుకుల దగ్గరకు వద్దాం. స్లయిడ్లను చీటీలుగా రాసి, కవర్ పక్కన పెట్టి, మిగతావి కలిపేయండి. ఏ క్రమంలో పేర్చినా తేడా రాకపోతే వరుసలో లంకె లేనట్టు. మీ 2, 3, 4లకు ఇది చేసి చూశాను: "విరేచనాలు ఎందుకు వస్తాయి", "ఓఆర్ఎస్ అంటే ఏమిటి", "అది ఎలా పనిచేస్తుంది". ఎలా మార్చినా ఒకేలా ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి "ఇంకా" తప్ప "కాబట్టి", "కానీ", "అయితే" ఏదీ కుదరదు. "ఇంకా" మాత్రమే కుదిరిన చోట వేలు ఆగిపోతుంది.

మీ డ్రాఫ్ట్‌లోని 2వ స్లయిడ్ పూర్తిగా తీసేయండి. కలుషిత నీరు, ఈగలు, నిల్వ ఆహారం నివారణకు సంబంధించినవి, మనం మాట్లాడుతున్నది విరేచనాలు మొదలయ్యాక చేయాల్సినదాని గురించి. 3, 4 కలిపి ఒకటి చేయండి. ఇందులో ఒకటే ఆలోచన ఉంది కనుక కలపవచ్చు: "మామూలు నీళ్లు ఎందుకు చాలవు? గ్లూకోజ్ తోడుగా ఉంటేనే చిన్నపేగు సోడియాన్ని బాగా పీల్చుకుంటుంది, దాని వెంటే నీళ్లూ వెళతాయి. అందుకే కొలత తప్పకూడదు." ఆ చివరి వాక్యమే తర్వాతి స్లయిడ్‌కు తలుపు. కలిపే పద్ధతి దాని వెనకే వస్తే అతుకు కనిపించదు.

మీ 8 నుంచి 9కి దూకుడు మరీ పెద్దది: కొలత పొరపాటు దగ్గర నుంచి నేరుగా ప్రమాద సూచనలకు. మధ్యలో ఒక మాట చాలు. "ఓఆర్ఎస్ ఇస్తున్నా ఇవి కనిపిస్తే ఆసుపత్రికి:" అని 9వ స్లయిడ్ శీర్షికే మార్చండి. కళ్లు లోపలికి పోవడం, మత్తుగా పడి ఉండటం, తాగలేకపోవడం, మలంలో రక్తం. నాలుగూ ఒకే వరుసలో, పెద్ద అక్షరాల్లో. ఆ స్లయిడ్‌లో ఇంకేమీ వద్దు, పువ్వుల బోర్డర్ కూడా.

పదో స్లయిడ్‌లో సేవ్ చేయండి, షేర్ చేయండి, ఫాలో అవండి, కామెంట్ చేయండి, నాలుగూ అడిగారు. సేవ్ ఒక్కటే ఉంచండి. అవసరం పడేది అర్ధరాత్రి.

కొత్త వరస ఇది: కవర్, ప్యాకెట్ మొత్తం, నీళ్లు ఎందుకు చాలవు, ఎలా కలపాలి, ఎంత ఇవ్వాలి, వాంతి అయితే, ఏం తాగించకూడదు, జింక్ 14 రోజులు, ఆసుపత్రికి ఎప్పుడు, సేవ్. మళ్లీ పదే వచ్చాయి. జింక్ మోతాదు (ఆరు నెలల లోపు పిల్లలకు రోజుకు 10 మి.గ్రా., ఆ పైన 20 మి.గ్రా.) పక్కన "డాక్టరును గానీ ఏఎన్ఎంను గానీ అడిగి" అన్న మాట తప్పకుండా ఉండాలి.

బొమ్మలు ఇప్పుడే ముట్టుకోకండి. ముందు పది శీర్షికలు మాత్రం వాట్సాప్‌లో వరుసగా టైప్ చేసి పంపండి. వాటిని చదివితేనే విషయం అర్థమవుతుంటే డిజైన్‌కు వెళదాం. గురువారం సాయంత్రానికి పంపితే, శుక్రవారం డాక్టరు గారికి పంపి సరిచూపిస్తాను.