బేకరీ లోగో: మూడు నమూనాల పరిశీలన, వరుస నిర్ణయం

మీరు పంపిన మూడు నమూనాలను రెండు ప్రశ్నలు పెట్టుకుని పరిశీలించాను. బాగా చిన్నదైనప్పుడు పేరు చదవగలమా అన్నది మొదటిది, ఒకసారి చూసినవారికి మరుసటి రోజు గుర్తుంటుందా అన్నది రెండోది. రంగుల జోలికి వెళ్లకుండా మూడింటినీ నలుపు-తెలుపులోకి మార్చి, బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించే 16 × 16 పిక్సెళ్ల చిహ్నంగానూ, ఫోనులో 40 పిక్సెళ్ల గుండ్రటి ప్రొఫైల్ బొమ్మగానూ, కేకు డబ్బాపై అతికించే 15 మిల్లీమీటర్ల స్టిక్కరుగానూ, గోధుమరంగు కాగితపు సంచిపై వేసే రబ్బరు ముద్రగానూ తయారుచేసి చూశాను. గుర్తుండే గుణం కోసం, ఈ పనితో సంబంధం లేని ఎనిమిది మందికి ఒక్కో నమూనాను ఐదేసి సెకన్లు చూపించి, మర్నాడు గుర్తున్నంతవరకు గీయమన్నాను. ఎనిమిది మంది మాటే తుది తీర్పు కాదు గాని, దారి చూపడానికి సరిపోతుంది.

నా వరుస ఇది: మూడో నమూనా ప్రథమం, రెండోది ద్వితీయం, మొదటిది తృతీయం. అయితే మూడో నమూనాను ఇప్పుడున్నట్టే అచ్చుకు పంపవద్దు. కారణం కింద వివరిస్తాను.

మొదటి నమూనాలో గోధుమ కంకుల వలయం, మధ్యలో పొయ్యి, పైన వంపు తిరిగిన పేరు ఉన్నాయి. మీ ఇంట్లో అందరికీ నచ్చింది ఇదేనని తెలుసు, గోడమీద పెద్దగా పెడితే నిజంగానే అందంగా ఉంటుంది. కానీ 512 పిక్సెళ్ల మూలచిత్రంలో కంకుల గీతలు 6 పిక్సెళ్ల మందమే ఉన్నందున, 16 పిక్సెళ్లకు కుదించేసరికి అవి పిక్సెల్‌లో ఐదో వంతుకు దిగిపోయి, లేత బూడిదరంగు మసకగా మిగులుతున్నాయి. పేరులో రెండో అక్షరం కింది ఒత్తు వలయానికి తగులుతోంది. రబ్బరు ముద్రలో సిరా కాస్త పరుచుకోగానే రెండూ కలిసిపోయాయి. మర్నాడు గీసినవారిలో ఆరుగురు ఏదో ఒక వలయం గీశారు, లోపల ఏముందో ఒక్కరూ చెప్పలేకపోయారు.

రెండో నమూనా చదవడానికి అన్నిటికన్నా సులువు. రొట్టె ఆకారం, దానిపై మూడు ఏటవాలు గాట్లు, కింద నిండైన అక్షరాలతో పేరు. స్టిక్కరు మీదా, ముద్రలోనూ ఎక్కడా తడబాటు లేదు. చదవగలగడం ఒక్కటే కొలమానమైతే ఇదే మొదటిది. అయితే ఎనిమిది మందిలో ఏడుగురు రొట్టెను సరిగ్గా గీశారు కానీ, పేరు ఇద్దరికే గుర్తుంది. వారికి గుర్తున్నది మీ బేకరీ కాదు, ఏదో ఒక బేకరీ.

మూడో నమూనాలో మీ పేరే బొమ్మ. మొదటి అక్షరమైన ‘ప’ తలకట్టును వేడి రొట్టె నుంచి లేచే ఆవిరిలా వంపు తిప్పారు. ఐదుగురు పేరును తప్పు లేకుండా రాశారు, అందులో నలుగురు ఆవిరిని కూడా గీశారు. మిగతా రెండు నమూనాలకూ ఇంత స్పందన రాలేదు.

దీనిలో చిక్కు కూడా ఆ తలకట్టే. ‘ప’కూ ‘వ’కూ ఉన్న తేడా అంతా తలకట్టు విడిగా ఉండటంలోనే ఉంది, ‘వ’లో అది అక్షరానికి అంటుకుంటుంది. ఈ నమూనాలో ఆవిరికీ అక్షరానికీ మధ్య సందు 20 పిక్సెళ్లే. 16 పిక్సెళ్ల చిహ్నంలో అది ఒక పిక్సెల్‌కన్నా తక్కువై మూసుకుపోతోంది. ఫోనును చేయి చాపి పట్టుకుని చూస్తే నేనే ‘వ’ అని చదివాను. పేరు మారిపోయే పొరపాటు కాబట్టి దీన్ని చిన్న లోపంగా తీసుకోలేను.

అయినా దీనికే మొదటి స్థానం ఇవ్వడానికి కారణం, ఆ లోపాన్ని ఒక పూట పనితో సరిదిద్దవచ్చు, రెండో నమూనాకు లేని ప్రత్యేకతను మాత్రం ఏ సవరణతోనూ తేలేము. చిన్న పరిమాణాల కోసం ‘ప’ ఒక్కదానితో వేరే రూపం గీయించి, అందులో సందును కనీసం 48 పిక్సెళ్లకు పెంచి, ఆవిరి గీతను కూడా అంతే మందం చేయించండి. అప్పుడు 16 పిక్సెళ్లలో రెండూ ఒకటిన్నర పిక్సెల్ చొప్పున నిలుస్తాయి. గుండ్రటి ప్రొఫైల్ చట్రం చతురస్రపు నాలుగు మూలలనూ కోసేస్తుంది గనుక ఆవిరి కొసను కుడి మూలకు పోనీయకుండా మధ్యకు మళ్లించాలి.

సవరించిన రూపం రాగానే, స్టిక్కర్లకు ఆర్డరు ఇచ్చేముందు, ఒక్క కాగితంపై 15 మిల్లీమీటర్ల కొలతలో ముద్రించి, పేరు తెలియనివారి చేత చదివించండి. అప్పటికీ ఎవరైనా ‘వ’ అంటే, సందేహించకుండా రెండో నమూనాకు మారండి.