ఫిలిం చేతికొచ్చింది సరే, రిపోర్టు ఏదీ?

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన అన్నలు కొంచెం ముందుకు రండి, ఈ ఫ్యాను మోతకు నా మాట ఆడిదాకా రాదు. అవ్వకు ఆ కుర్చీ ఇవ్వు నాయనా.

కుప్పం, శాంతిపురం, వి.కోట, ముళబాగిలు... పొద్దున రైలుకూ బస్సులకూ వచ్చినవాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు. నేను ఇక్కడ స్కానింగ్ విభాగంలో డాక్టర్ని. మీ కడుపు, తల, నడుము బొమ్మలు చూసి రిపోర్టు రాసేది నేనూ, నాతోపాటు ఇంకో ఇద్దరు డాక్టర్లూ. మా మొహాలు మీకు తెలీవు. మెషిన్ మీద పడుకోబెట్టి "ఊపిరి బిగబట్టండి, వదలండి" అంటాడే ఆ అబ్బాయినే డాక్టరు అనుకుంటారు. అతను టెక్నీషియన్. బొమ్మ చెదరకుండా తీయడం అతని చదువు, అందులో గట్టివాడు. కానీ "ఏముంది బాబూ?" అని అతన్ని అడిగితే చెప్పడు. చెప్పకూడదు కూడా. మీ మీద కోపం కాదు.

బొమ్మ తీయగానే ఫిలిం కవరు చంకలో పెట్టుకుని కె.ఆర్.పురం స్టేషనుకు పరుగెత్తుతారు. సాయంత్రానికి రిపోర్టు కౌంటర్లో అలాగే పడి ఉంటుంది. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు ఆ ఫిలిం తీసి వాకిట్లో ఆకాశానికేసి పట్టుకుంటాడు. ఆయన్ని నేను తక్కువ చెయ్యను. అర్ధరాత్రి జ్వరమంటే లేచొచ్చేది ఆయనే, నేను కాదు. అయినా ఈ పని ఆయనది కాదు. ఎందుకు కాదో చేతిలో ఫిలిం పెట్టుకునే చెప్తాను.

ఇదిగో, ఇది ఒకరి కడుపు సీటీ. పేరు కనపడకుండా పైన కాగితం అంటించాను, ఎవరిదని అడగొద్దు. గళ్ళు లెక్కపెట్టండి. అడ్డంగా 5, నిలువుగా 4. మొత్తం 20 బొమ్మలు. మెషిన్ తీసింది ఇంతేనా? కాదు. గుండె కింద నుంచి తొడల దాకా, మనిషిని పలచగా అడ్డంగా కోసినట్టు వందల ముక్కలు తీస్తుంది. అవన్నీ లోపల నా కంప్యూటర్లో ఉంటాయి. ఫిలిం మీద పట్టినన్నే అచ్చేస్తారు. మీరు ఊరికి తీసుకుపోయేది ఈ కాసిని ముక్కలే. రోగం మిగతావాటిలో ఉంటే?

ఈ గడిలో పెద్ద బూడిదరంగు ముద్ద కనిపిస్తోందా? అది లివరు. లివరు మనకు ఏ పక్క ఉంటుంది? కుడి పక్క, సరిగ్గా చెప్పావమ్మా. మరి ఫిలింలో? ఎడమ పక్క ఉంది. అచ్చు తప్పు కాదు. పడుకున్న మనిషిని కాళ్ళ దగ్గర నిలబడి చూస్తున్నట్టు ఈ బొమ్మ వేస్తారు, అందుకని పక్కలు మారతాయి. ఈ సంగతి తెలియని మనిషి చూస్తే కుడి కిడ్నీలో ఉన్న రాయిని ఎడమ కిడ్నీకి అంటగట్టేస్తాడు.

ఇప్పుడు ఇక్కడ, బొడ్డుకు బాగా కింద, ఈ తెల్ల చుక్క. పెద్దాయనా, ఏమన్నావు? రాయా? అందరూ అదే అంటారు. మూత్రనాళంలో రాయి ఇక్కడే ఇరుక్కుంటుంది, ఇంత తెల్లగానే ఉంటుంది. కానీ ఇదే చోట సిరల్లో చిన్న చిన్న సున్నపు గుళికలు కూడా కడతాయి. వయసు పైబడేకొద్దీ చాలామందికి ఉంటాయి, వాటివల్ల హాని లేదు, మందూ అక్కర్లేదు. చూపుకు రెండూ ఒకటే. ఏది ఏదో తేలాలంటే కిడ్నీ దగ్గర మొదలుపెట్టి, సన్నటి ఆ మూత్రనాళాన్ని ఒక్కో ముక్కలో పట్టుకుంటూ మూత్రసంచి దాకా దిగాలి. మధ్యలో నాళం ఉబ్బిందా, కిడ్నీ వాచిందా చూడాలి. ఆ చుక్క నాళం లోపలుందా, పక్కనుందా చూడాలి. ఈయన విషయంలో పక్కనుంది. రాయి కాదు. ఒక్క గడి చూసి రాయి అనేసి ఉంటే, లేని రాయికి నెలల తరబడి మందులు తాగేవాడు, కడుపునొప్పి అసలు కారణం అలాగే ఉండిపోయేది.

ఇంకోటి. ఈ పై గళ్ళల్లో ఊపిరితిత్తుల అడుగు భాగం ఉంది, చూడండి, ఉత్త నలుపు. అక్కడేమీ లేదనుకుంటారు. కంప్యూటర్లో అదే ముక్కకు వెలుతురు మారిస్తే అందులో నాళాలు, గడ్డలు, పాత క్షయ మచ్చలు తేలతాయి. ఇంకోలా మారిస్తే ఎముకలో చీలిక కనిపిస్తుంది. ఫిలిం మీద ఒకటో రెండో వెలుతుర్లు వేసి ఇస్తారు, అంతే. ఇక ఆ ఫిలింను ట్యూబులైటుకు పెట్టి సెల్లులో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి "చూసి చెప్పండి మేడమ్" అంటే, అందులో నాకు కనిపించేది మీ ట్యూబులైటూ, మీ బొటనవేలూ.

అల్ట్రాసౌండు సంగతి మరీ వేరు. జిగురు రాసి కడుపు మీద తిప్పుతారే, అది. దానికి రేడియేషన్ లేదు, శబ్దంతో పని. అది తిప్పుతూ, వత్తుతూ, పక్కకు తిరగమంటూ అప్పటికప్పుడు చూసేది. మీకిచ్చే చిన్న కాగితం మీద నాలుగు బొమ్మలు గుర్తుకోసం. పిత్తాశయంలో ఏదో ఉందనుకోండి, మిమ్మల్ని పక్కకు తిప్పితే అది దొర్లిందా లేదా అన్నదాన్ని బట్టి రాయా, గోడకంటిన కండా అని తేలుస్తాం. దొర్లడం కాగితంలో కనపడదు కదా. అందుకే ఆ స్కానుకు రిపోర్టు లేకపోతే ఆ కాగితం దేనికీ పనికిరాదని గట్టిగానే అంటాను.

ఆ వెనక నవ్వుతున్నారు, ఎందుకో తెలుసు. ఆడా మగా అని అడగొద్దు, మేము చెప్పం. 1994లో చట్టం వచ్చింది, చెప్పిన డాక్టరూ జైలుకే, చెప్పించుకున్నవాళ్ళూ జైలుకే. గర్భిణీల దగ్గర సంతకం పెట్టించుకునే ఫారం కూడా ఆ చట్టం కిందిదే. బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు, మాయ ఎక్కడుంది, గుండె ఎలా కొట్టుకుంటోంది, ఇవన్నీ రిపోర్టులో రాస్తాం. కాన్పు చేసే డాక్టరుకు కావలసింది అదే.

మరి చదివినవాళ్ళం మేము తప్పు చెప్పమా? చెప్తాం. దాచేదేముంది. 2013లో అమెరికాలో ఓ పరీక్ష పెట్టారు. ఊపిరితిత్తుల సీటీ బొమ్మల్లో చిన్న గొరిల్లా బొమ్మను కలిపి 24 మంది రేడియాలజిస్టులకిచ్చి, గడ్డలు వెతకమన్నారు. 20 మందికి గొరిల్లా కనపడలేదు. కళ్ళు లేక కాదు. గడ్డ కోసం వెతికే కన్ను గడ్డనే వెతుకుతుంది. ఇది విని మమ్మల్ని నమ్మడం మానెయ్యకండి, మీ డాక్టరు రాసిచ్చిన చీటీ మాత్రం పారెయ్యకండి. "కడుపు నొప్పి" అని ఒక్క మాట ఉంటే నేను వెతికేది వేరు. "కుడి పక్క నొప్పి, మూడు రోజులుగా జ్వరం, పోయినేడు ఆపరేషన్ అయింది" అని ఉంటే వేరు. చీటీలో లేకపోతే మీరే చెప్పండి. పాత ఫిలింలు ఇంట్లో అటక మీద ఉంటాయి, అవీ తెండి. ఊపిరితిత్తిలో ఒక మచ్చ కొత్తదా, ఐదేళ్ళ కిందటి క్షయ మానిన గుర్తా అన్నది పాత ఎక్స్‌రే పక్కన పెడితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అది లేకపోతే ఇంకో స్కాను, ఇంకో ఖర్చు.

ఎం.బి.బి.ఎస్. ఐదున్నరేళ్ళు, దాని మీద ఈ ఒక్క పనికే మూడేళ్ళు ఎం.డి. మీలో పట్టుపురుగులు పెంచేవాళ్ళున్నారు కదా? తట్టలో వేల పురుగులు నాకు అన్నీ ఒకటే తెలుపు. మీ అమ్మ వచ్చి ఒక్క చూపు చూసి, ఇదిగో ఈ మూల పురుగు మేత మానింది, తీసెయ్యి అంటుంది. ఆమెకు ఆ కన్ను ఏళ్ళ తరబడి తట్టల ముందు కూర్చుంటే వచ్చింది. మాదీ అంతే.

ఇప్పుడు రిపోర్టు చేతికొచ్చాక. ఇంగ్లీషులో ఉంటుంది, అది మా తప్పే అనుకోండి. మీ పిల్లలతో చదివిస్తారు. వాళ్ళు ఫోన్లో ఒక్కో మాటా వెతికి ఇల్లంతా ఏడుపు పెట్టిస్తారు. నడుం ఎమ్మారైలో "డిస్క్ బల్జ్" అని ఉంటే కంగారు పడకండి. నొప్పే లేని వాళ్ళ నడుములకు తీసిన స్కాన్లన్నీ కలిపి 2015లో లెక్క వేశారు. 80 ఏళ్ళ వాళ్ళలో నూటికి 84 మందికి డిస్కు ఉబ్బి ఉంది, 20 ఏళ్ళ కుర్రవాళ్ళలోనే నూటికి 30 మందికి. అంటే రిపోర్టులో కనిపించిన ప్రతిదీ మీ నొప్పికి కారణం కాదు. "సింపుల్ సిస్ట్" అని కిడ్నీలో రాస్తే అది నీటి బుడగ, మామూలుగా వదిలెయ్యొచ్చు. అది వదిలెయ్యాలో వద్దో మీ డాక్టరు మిమ్మల్ని చేత్తో పట్టి చూసి చెప్పాలి. నేను నీడలు చదువుతాను, ఆయన మనిషిని చూస్తాడు. రిపోర్టు ఒక్కటే చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. ఫిలిం ఒక్కటే చూపించి మందూ రాయించుకోకండి.

ఒక్క చోట మాత్రం రిపోర్టు కోసం కూర్చోకూడదు. మూతి వంకర పోయింది, చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది, అప్పుడు నేరుగా అత్యవసర విభాగానికి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అక్కడ మేమే మెషిన్ దగ్గరికి వచ్చి చూసి నోటితో చెప్పేస్తాం, టైపు తర్వాత. ఆ మొదటి గంటల్లో సీటీ మామూలుగానే కనిపించొచ్చు. "స్కానులో ఏమీ లేదంట" అని ఎవరో అన్నారని మనిషిని ఇంటికి తీసుకుపోవద్దు.

సరే, రైలు సంగతి. ఇకమీదట పేరు రాయించేటప్పుడే "రిపోర్టు ఎన్ని గంటలకిస్తారు?" అని అడగండి. పొద్దున్నే పరగడుపున వచ్చి ముందు వరసలో ఉంటే మధ్యాహ్నానికల్లా చేతికొస్తుంది. ఆగలేకపోతే ఫోను నంబరు ఇవ్వండి, సంతకంతో ఉన్న రిపోర్టే ఫోనుకు పంపుతారు. సీడీ అడిగి తీసుకోండి, అన్ని ముక్కలూ అందులో ఉంటాయి. తిరుపతికో, వేలూరుకో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆయన మళ్ళీ స్కాను తీయించకుండా అదే చూడగలడు. కవరు మీద మీ పేరు, వయసు, ఏ పక్క అన్నది సరిగ్గా ఉందా చూసుకోండి. ఒకే ఊరినుంచి ముగ్గురు లక్ష్మమ్మలు వస్తే మార్పులు జరుగుతాయి. రిపోర్టు కింద డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే వెనక్కిచ్చి అడగండి, సిగ్గుపడొద్దు.

కుప్పం రైలుకు వెళ్ళాల్సినవాళ్ళు చేతులెత్తండి. ఒకటి, రెండు... ఆరుగురు. మీ బొమ్మలు ముందు చూస్తాను. మీ టోకెన్లు ఆ నీలం చీర సిస్టరుకు ఇచ్చి, కాంటీన్లో ఏదైనా తినిరండి.