సీన్ 14 సాయంత్రం షూట్ ప్లాన్, డిసెంబర్ 6

టీమ్ అందరికీ,

శనివారం చెరువు కట్ట మీద తీయాల్సిన సీన్ 14కి ప్లాన్ ఇది. తాతా మనవరాలు కట్ట మీద మాట్లాడుకుంటూ నడవడం, చివర్లో పాప ఒక్కతే నిలబడిపోవడం.

కాల్ షీట్‌లో సూర్యాస్తమయం 5:41 అని ఉంది. ఆ టైమ్‌ని నమ్ముకోవద్దు. యాప్ చెప్పేది ఎదురుగా ఏ అడ్డూ లేని చోటికి. మనకు చెరువు అవతల గుట్ట ఉంది. పోయిన శనివారం రెక్కీలో తూము దగ్గర నిలబడి చూస్తే 5:19కే సూర్యుడు గుట్ట వెనక్కి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి గుట్ట సుమారు 4 డిగ్రీల ఎత్తు కనిపిస్తుంది. ఈ రోజుల్లో పొద్దు ఒక్కో డిగ్రీ దిగడానికి నాలుగున్నర నిమిషాలు పడుతోంది. ఆ లెక్కన సుమారు ఇరవై నిమిషాలు గుట్టే తినేస్తోంది.

కాస్త తిరిగి పొందే దారి దొరికింది. తూము నుంచి కట్ట మీదే ఉత్తరానికి 80 మీటర్లు నడిస్తే సున్నం కొట్టిన రాయి ఒకటి ఉంది. గుట్ట కిలోమీటరు దూరంలోనే ఉంది కాబట్టి మనం పక్కకు జరిగితే అదీ సూర్యుడి ముందు నుంచి నాలుగు డిగ్రీలు జరుగుతుంది, పల్లంగా ఉన్న భుజం ఎదురుకి వస్తుంది. అక్కడి నుంచి 5:28 దాకా సూర్యుడు కనిపిస్తాడు. తొమ్మిది నిమిషాలు అదనం. సిల్హౌట్ షాట్ అక్కడే.

కాల్ టైమ్ 2:30. రిహార్సల్స్ అన్నీ 4:20 లోపు, అసలు కెమెరా పొజిషన్లలోనే. లైట్ బాగున్నప్పుడు డైలాగ్ సరిచూసుకునే టైమ్ మనకు ఉండదు.

4:30 – 4:50. తూము దగ్గర క్లోజప్స్. సూర్యుడు 241 డిగ్రీల దిక్కులో, 14 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఇద్దరినీ ఎండకి ఎదురుగా పెడితే కళ్లు చికిలిస్తారు, ముఖ్యంగా తాతగారు. ఎండ పక్క నుంచి వెనక్కి తగిలేలా తిప్పి, ముఖాలకి థర్మాకోల్ చాలు.

4:50 – 5:15. నడక, వైడ్. ఎండ 10 డిగ్రీలకు దిగేసరికి నీడ మనిషి ఎత్తుకు ఐదున్నర రెట్లు సాగుతుంది. మనకు కావాల్సింది ఆ నీడలే. ఒక చిక్కుంది: తూముకి దక్షిణాన ఉన్న చింతచెట్టు నీడ కట్టకి అడ్డంగా పట్టీలా పడుతోంది. అందులోకి అడుగుపెట్టగానే ఇద్దరి ముఖాలూ చీకటి అయిపోతాయి. నీడ అంచు దగ్గర మూడు రాళ్లు పేర్చి గుర్తు పెట్టాం, నడక ఆ రాళ్లు దాటాకే మొదలు.

5:15కి కట్. అందరూ తెల్ల రాయి దగ్గరికి. ట్రైపాడ్ 4:45కే అక్కడ రెడీగా ఉండాలి. కెమెరా కట్ట కింద తూర్పు వాలు మీద, వీలైనంత కిందికి. 5:28 వరకు ఎన్ని టేకులు వస్తే అన్ని.

5:30 – 5:55. పాప ఒంటరిగా. ఎండ పోయాక ప్యాకప్ అనుకోవద్దు. ఆకాశం వెలుగు ముఖం మీద మెత్తగా పడేది అప్పుడే, నా మటుకు సినిమాలో మంచి ఫ్రేమ్ ఇదే. వెలుతురు చకచకా తగ్గుతుంది కాబట్టి ప్రతి టేక్ ముందు ఎన్‌డీ, ఎక్స్‌పోజర్ చూసుకోవాలి. వైట్ బ్యాలెన్స్ 5600 దగ్గర లాక్. ఆటోలో పెడితే ఆ బంగారు రంగంతా కెమెరానే తుడిచేస్తుంది. తర్వాత 6:05 దాకా నీలం వెలుగు, ఖాళీ కట్ట ఒక్క షాట్.

ఇక వాతావరణం. శుక్రవారం రాత్రి 8కి ఒకసారి, శనివారం మధ్యాహ్నం 1కి శాటిలైట్ చిత్రంతో ఇంకోసారి చూసి మెసేజ్ పెడతాను. 3:30కి పడమర వైపు కళ్లతో చూసి ఆఖరి నిర్ణయం.

పైన పల్చటి మబ్బులుంటే అదృష్టం, ఏమీ మార్చం. పడమటి అంచున మాత్రం మబ్బు గోడలా లేచి ఉంటే సూర్యుడు ఇంకా ముందే పోతాడు. అప్పుడు వైడ్ 4:30కే, సిల్హౌట్ దాని వెంటనే, క్లోజప్స్ ఆఖరికి. ఆకాశమంతా మూసుకుపోతే క్లోజప్స్, డైలాగ్ పూర్తి చేస్తాం, వైడ్ జోలికి వెళ్లం. నీడలు లేని ఆ నడకని గ్రేడింగ్‌లో బాగుచేయలేం. ఉరుము వినబడితే ఎవరూ అడగక్కర్లేదు, కట్ట దిగి వ్యాన్లలో కూర్చోవాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎవరూ పైకి రావద్దు.

బ్యాకప్ తేదీ డిసెంబర్ 13. ఏ మార్చిలోనో అయితే వారంలో పొద్దు గూకే చోటు మూడు డిగ్రీలు జరిగి రెక్కీ మళ్లీ చేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక డిగ్రీ కూడా జరగదు. సూర్యాస్తమయం 5:43, అంటే పై టైమింగ్స్ అన్నిటికీ రెండు నిమిషాలు కలపండి. రాళ్ల గుర్తులు, కెమెరా పొజిషన్లు అవే. ఆర్టిస్టులిద్దరి డేట్లు ఆ రోజుకి కూడా బ్లాక్ చేయమని ప్రొడక్షన్‌కి చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు కట్ట మీద లైట్లు ఉండవు. టార్చ్‌లు లైట్స్ డిపార్ట్‌మెంట్ తెస్తుంది, తాతగారి పక్కన ఒక అసిస్టెంట్ తప్పకుండా ఉండాలి.