“మీ మేనేజర్ మాటతో విభేదించిన సందర్భం ఒకటి చెప్పండి”: సైట్ ఇంజినీర్ ఇంటర్వ్యూలో నా జవాబు

చెప్తాను సార్. ఇది పోయిన డిసెంబర్‌లో జరిగింది. బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, నేను సైట్ ఇంజినీర్‌ని. కంపెనీ పేరు చెప్పను, ఏమీ అనుకోకండి. మా ప్రాజెక్ట్ మేనేజర్ గారిది ఒంగోలు వైపు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. బార్ బెండింగ్ షెడ్యూల్ చదవడం నాకు కాలేజీ కంటే ఆయన దగ్గరే బాగా వచ్చింది. ముందు ఇది ఎందుకు చెప్తున్నానంటే, నేను ఎదురుచెప్పింది పని తెలియని మనిషికి కాదు.

రెండో అంతస్తు స్లాబ్ డిసెంబర్ 2న పోశాం. పదకొండో తేదీ పొద్దున, అంటే తొమ్మిదో రోజున, సార్ వచ్చి సెంట్రింగ్ మొత్తం, అంటే స్లాబ్ కింద పరిచిన రేకులూ వాటిని మోసే జాకీలూ విప్పేసి పైకి ఎక్కించమన్నారు. మూడో స్లాబ్ నెలాఖరులోపు పడితేనే క్లయింట్ దగ్గర మా బిల్లు పాసవుతుంది. రేకులూ జాకీలూ మా దగ్గర ఒకటిన్నర సెట్టే ఉన్నాయి. కింద విప్పితే తప్ప పైన కట్టే వీలు లేదు. ఆయన తొందరకు అదీ కారణం.

నాకు భయమేసింది హాలు గురించి. ఒక్కో ఫ్లాట్‌లో హాలు, డైనింగ్ కలిపి అడ్డం 5.4 మీటర్లు, మధ్యలో బీమ్ లేదు. కాంక్రీట్ పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబ్ కింద జాకీలు 14 రోజులు ఉండాలి. అదీ మామూలు ఓపీసీ సిమెంట్‌కు, వాతావరణం 15 డిగ్రీలకు తగ్గనప్పుడు. మేం వాడింది ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంట్. అది మొదటి రోజుల్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. పైగా డిసెంబర్ రాత్రుల్లో బెంగళూరులో చలి ఎలా ఉంటుందో మీకూ తెలుసు.

ఆ మాట అక్కడే అనొచ్చు. కానీ అప్పుడు చుట్టూ మేస్త్రీ, పాలమూరు నుంచి వచ్చిన సెంట్రింగ్ వాళ్లు పన్నెండు మంది, క్లయింట్ తరఫు ఇంజినీరు ఉన్నారు. వాళ్ల ముందు “కుదరదు సార్” అంటే ఆయన పరువు పోతుంది. ఆ తర్వాత నేను చెప్పేది సరైనదైనా వినడం ఆయనకు కష్టమవుతుంది. మరోవైపు హాలు మూలన ఒక కుర్రాడు అప్పటికే జాకీ పిన్ను మీద సుత్తి పెట్టాడు. ఇంకొక్క దెబ్బ వేస్తే ఆ జాకీ వదులైపోతుంది. నేను మేస్త్రీతో, “అన్నా, ముందు మెట్ల పక్కన కాలమ్ రేకులు శుభ్రం చేయించు. హాలు సంగతి సార్‌తో మాట్లాడి పది గంటలకు చెప్తా” అన్నాను. సార్ వైపు తిరిగి, “సార్, ఒక లెక్క చూపించాలి, పావుగంట టైమివ్వండి” అన్నాను. ఆయన తలూపారు.

సైట్ ఆఫీసులో కూర్చున్నాక ముందు ఆయన మాటే విన్నాను. ఏ రోజు పోయాలనుకుంటున్నారు, బిల్లుకు ఆఖరి తేదీ ఎప్పుడు అని అడిగాను. 27న పోస్తే చాలన్నారు. అప్పుడు చెప్పాను. “సార్, 27న పోయడం ఆగకూడదన్నదే నా మాట కూడా. రేకులు ఈరోజే పైకి పంపిద్దాం. జాకీలు మాత్రం కిందే ఉంచుదాం.”

ఆయనకు కోపం వచ్చింది. అదే కాంక్రీట్‌తో పోసిన క్యూబులను ఏడో రోజు ల్యాబ్‌లో నలగ్గొట్టి బలం చూసిన రిపోర్టు తీసి బల్ల మీద పెట్టారు. 16.8, 17.4, 16.1. 28 రోజులకు 25 రావలసిన ఎం25 కాంక్రీట్‌కు ఏడో రోజున అవి మంచి అంకెలే. “రిపోర్టు బాగుంది కదా. ఇరవై ఏళ్లుగా విప్పుతున్నా, ఒక్క స్లాబ్ పడలేదు. నువ్వు నాకు నేర్పిస్తావా?” అన్నారు.

నేర్పించడానికి రాలేదని నాకు తెలుసు, కానీ ఆ మాటకు మాట తగిలించకూడదు అనుకున్నాను. “రిపోర్టు తప్పు కాదు సార్. ఆ క్యూబులు ల్యాబ్‌లో 27 డిగ్రీల నీళ్లలో నానాయి. మన స్లాబ్ రాత్రంతా చలిలో ఉంది. రెండింటి వయసు ఒకటే కానీ బలం ఒకటి కాకపోవచ్చు” అన్నాను. తర్వాత ఒక ప్రశ్న అడిగాను, నిజంగా తెలుసుకోవాలనే. “మీరు తొందరగా విప్పినవాటిలో ఇంత పెద్ద హాలు ఏదైనా ఉందా సార్?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. చాలా ఏళ్ల కిందట హోసూరు దగ్గర ఒక సైట్‌లో పెద్ద హాలు కింద వెంట్రుకవాసి పగుళ్లు వచ్చాయట. ప్లాస్టరింగ్‌లో కనపడకుండా పోయాయి గానీ ఆ స్లాబ్ కొద్దిగా కిందికి వాలిందని తనకు ఎప్పుడూ అనుమానమేనని అన్నారు. ఆ అనుభవం నాకు లేదు. నేను చెప్పబోయేది ఆయనే ముందు చెప్పేశారు.

అప్పుడు కాగితం ముందు పెట్టాను. 150 మిల్లీమీటర్ల మందం పచ్చి స్లాబ్ బరువు చదరపు మీటరుకు 375 కిలోలు. సెంట్రింగ్, మనుషులు దానికి అదనం. నివాస గదికి డిజైన్‌లో మనం వేసుకునే బరువు 200 కిలోలు. టైల్స్, పూత కలిపినా సుమారు 300, 350. అంటే పై స్లాబ్ పోసే రోజున కింది స్లాబ్ పూర్తిగా గట్టిపడి ఉన్నా ఒంటరిగా మోయకూడదు, కింద జాకీలు ఉండాల్సిందే. ఈ లెక్క చెప్పాక రోజుల గురించి వాదన అక్కర్లేకపోయింది. తొమ్మిదో రోజా, పద్నాలుగో రోజా అని కాకుండా 27న ఆ బరువు ఎవరు మోస్తారన్నది ప్రశ్న అయింది.

నా ప్లాన్ ఇది. రేకులు వరుస వరుసగా విప్పాలి. ఒక వరుస దిగగానే అక్కడ జాకీ తిరిగి బిగించాలి, అది బిగిశాకే రెండో వరుస ముట్టుకోవాలి. అలా వెంటనే తిరిగి పెట్టేటట్టయితే రేకులను మూడు రోజులకే తీయడానికి ఐఎస్ 456 ఒప్పుకుంటుంది. పైన కావలసిన 240 జాకీలు అద్దెకు తెద్దాం అన్నాను.

ఇక్కడ ఆయన నన్ను సరిదిద్దారు. “బాల్కనీ సంగతేం చేశావ్?” అన్నారు. నా కాగితంలో బాల్కనీ లేదు సార్. అది కాంటిలీవర్, అంటే ఒక్క వైపే ఆధారం ఉన్న స్లాబ్. అక్కడ జాకీ తీసి మళ్లీ పెట్టేలోపు కూడా స్లాబ్ చివర గాల్లో ఉంటుంది. “బాల్కనీ జాకీలు అసలు కదపొద్దు, రేకులు కూడా అక్కడే ఉండనీ” అన్నారు. నాకు తట్టని విషయం అది. ఆ ఒక్క మాటకు నేను ఇవాళ్టికీ ఆయనకు రుణపడి ఉన్నాను. బెడ్‌రూములు 3.3 మీటర్లే కాబట్టి అక్కడ జాకీలు దూరం దూరంగా పెట్టొచ్చని కూడా అన్నారు. ఆ మాట మీద నాకు పూర్తి నమ్మకం కుదరలేదు. “స్ట్రక్చరల్ కన్సల్టెంట్ గారిని ఒక మాట అడుగుదామా సార్?” అన్నాను. ఆయనే ఫోన్ చేశారు. కన్సల్టెంట్ సరేనన్నారు, ఈమెయిల్ కూడా పంపారు. 240 కాస్తా 180 అయింది. నెల అద్దె, లారీ కిరాయి కలిపి 17 వేలు. సార్ సంతకం పెట్టారు.

మేస్త్రీకి ఆ మార్పు సార్ నోటితోనే చెప్పించాను. నేను కిందికి దిగి “సార్ ఒప్పుకున్నారు” అనుంటే అది నా గెలుపులా వినపడేది. సార్ వచ్చి, “జాకీ బిగించకుండా రెండో వరుస ముట్టుకున్నారో, చూడండి” అన్నారు. ఆ రోజు హాలులో ప్రతి వరుసకూ నేను నిలబడ్డాను. మూడో స్లాబ్ 27నే పడింది.

(“ఒకవేళ ఆయన ఒప్పుకోకపోయుంటే?” అని ప్యానెల్‌లో ఒకరు అడిగారు.)

బెడ్‌రూముల వరకైతే, ఆయన కాదన్నా నా అభిప్రాయం సైట్ రిజిస్టర్‌లో రాసి ఆయన చెప్పినట్టు చేసేవాణ్ణి సార్. అక్కడ నాకు ఉన్నది సందేహమే. హాలు విషయంలో మాత్రం అలా కాదు. దాని కింద రోజంతా మనుషులు తిరుగుతారు. మధ్యాహ్నం కూలీలు అన్నం తిని పడుకునేది ఆ నీడలోనే. “సార్, ఈ పని నా చేత్తో చేయించలేను. కన్సల్టెంట్‌కు ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను, మీ ముందే చేస్తాను” అని చెప్పేవాణ్ణి. ఆయన వెనకాల మాత్రం చేసేవాణ్ణి కాదు. ఆయన నా మీద కోప్పడినా ఫర్వాలేదు గానీ, నేను ఎవరితో ఏం చెప్పానన్నది ఆయనకు ఇంకొకరి ద్వారా తెలియకూడదు.

(“మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం మారుస్తారు?”)

పదకొండో తేదీ దాకా ఆగను. జాకీలు ఒకటిన్నర సెట్టే ఉన్నాయని రెండో తేదీన స్లాబ్ పోసేటప్పుడే నాకు తెలుసు. నెలాఖరు బిల్లు సంగతీ తెలుసు. ఆ రోజే అడిగి ఉంటే అది విభేదం అయ్యేదే కాదు, ప్లానింగ్‌లో ఒక లైను అయ్యేది. సార్‌ను అంత టెన్షన్‌లో పెట్టాల్సిన అవసరం రాకపోయేది. అది నా తప్పే. సైట్‌లో నిలువ ఉంచే కొన్ని క్యూబులను స్లాబ్ పక్కనే, అదే చలిలో ఉంచి టెస్ట్ చేయిస్తే ల్యాబ్ రిపోర్టు మీద ఆ వాదన కూడా వచ్చేది కాదు.

ఇప్పుడు ప్రతి స్లాబ్ పోసిన సాయంత్రం మెట్ల దగ్గరి కాలమ్ మీద సుద్దతో మూడు తేదీలు రాయిస్తున్నాను: పోసిన రోజు, రేకులు దించే రోజు, జాకీలు తీసే రోజు. మూడో తేదీ పక్కన సార్ పొడి సంతకం ఉంటుంది.