తుఫానుకి ముందు మన ఇల్లు: శనివారం వెబినార్ రన్ షీట్

సాయంత్రం 7 నుంచి 8 వరకు. చేరేవాళ్లలో ఎక్కువమంది మన విశాఖలోని ఎంవీపీ కాలనీ, గాజువాక, మధురవాడ అపార్ట్‌మెంట్ల వాళ్లు. అమ్మానాన్నల్ని ఇక్కడ ఉంచి హైదరాబాదు, బెంగళూరుల్లో ఉంటున్న పిల్లలు కూడా కొందరున్నారు. చాలామంది ఫోన్లోనే చూస్తారు, పక్కన టీవీ మోగుతూ ఉంటుంది. అందుకే ఎవరూ ఏకబిగిన ఎనిమిది నిమిషాలు దాటి మాట్లాడొద్దు. మన వక్త గారు వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన, తుఫాను మాటెత్తితే ఆగరు. ఆరో నిమిషంలో ఆయనకొక్కరికే కనిపించేలా చాట్‌లో ‘2 నిమిషాలు’ అని పెట్టండి. ముందే చెప్పాను, ఏమీ అనుకోరు.

6:40 ముగ్గురం లాగిన్. పోల్స్ ఎక్కించి ఉంచాలి. ఒకరు ఇంటి వైఫై మీద, ఇంకొకరు ఫోన్ డేటా మీద ఉండి, ఇద్దరికీ కో-హోస్ట్ ఇవ్వాలి. ఒకరి కరెంటు పోతే రెండోవారు పోల్ తెరవగలగాలి కదా.

7:00 హోస్ట్: “నమస్కారమండీ. పరిచయాలు తర్వాత. ముందు మీ ఏరియా, మీరుండే అంతస్తు చాట్‌లో రాయండి.”

పేర్లు వద్దు, ఏరియా, అంతస్తు మాత్రం పైకి చదవండి: “పెందుర్తి, గ్రౌండ్ ఫ్లోర్. భీమిలి, నాలుగు.” కిందివాళ్లకి నీటి భయం, పైవాళ్లకి గాలి భయం. వక్త గారు ఈ జాబితా చూసే ఉదాహరణలు ఎంచుకుంటారు.

7:04 పోల్ 1. “2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తీరం దాటిన ఆదివారం, మీరెక్కడున్నారు?”
విశాఖలో, ఇంట్లోనే / విశాఖలో, బయట / వేరే ఊళ్లో / అప్పటికి విశాఖ రాలేదు

45 సెకన్లు తెరిచి ఉంచి మౌనంగా ఉండండి. మనం మాట్లాడుతుంటే జనం ప్రశ్న మళ్లీ మొదటినుంచి చదువుకోవాలి.

7:07 వక్త గారు: బంగాళాఖాతంలో తుఫాన్ల కాలాలు రెండు, ఏప్రిల్–జూన్, అక్టోబరు–డిసెంబరు. రంగుల హెచ్చరికలు: పసుపు వస్తే గమనిస్తూ ఉండాలి, నారింజకి సిద్ధపడాలి, ఎరుపుకి కదలాలి. పోర్టులో ఎగరేసే నంబర్లు ఓడల కోసమని ఒక్క మాట చాలు, లోతుకి వెళ్తే టైం మింగేస్తుంది.

7:14 కుర్చీ వదిలే రెండు నిమిషాలు. హోస్ట్: “అందరూ లేవండి. ఫోన్ అక్కడే వదిలేసి, ఇంట్లో టార్చిలైటు వెతికి తీసుకురండి. వెలిగితే చాట్‌లో 1, వెలగకపోతే 0, దొరక్కపోతే ప్రశ్న గుర్తు.”

తెర మీద టైమర్ ఒక్కటే. మ్యూజిక్ వద్దు, చిన్న స్పీకర్లలో గరగరలాడుతుంది. మెడ తిప్పండి, చేతులు చాపండి లాంటివి నాకు నచ్చవు, ఎవరూ చేయరు. టార్చి కోసమైతే లేస్తారు. సున్నాలు ఎక్కువ వస్తే హోస్ట్ నవ్వేయొచ్చు, మందలించొద్దు.

7:17 వక్త గారు: బాల్కనీ కుండీలు లోపలికి, కార్లు చెట్ల కిందనుంచి పక్కకి. కరెంటు పోతే మోటారు ఆడదు కాబట్టి ముందే నీళ్లు పట్టుకోవాలి. హుద్‌హుద్ తర్వాత కరెంటు, నీళ్లు లేక పడ్డ పాట్లు చాలామందికి గుర్తే. వాళ్లని చాట్‌లో రాయమనండి.

7:25 తుఫాను కన్ను. గంట మొత్తంలో అసలైన ఘట్టం ఇదే, కంగారు పడొద్దు. వక్త గారు హోరుగాలి ఎలా పెరుగుతుందో చెబుతూ చెబుతూ, “...ఒక్కసారిగా గాలి ఆగింది” అని ఆపేస్తారు. ముగ్గురం మ్యూట్. తెర మీద ఖాళీ తెల్ల స్లైడ్. 30 సెకన్లు. నెట్ పోయిందనుకుని “వినబడట్లేదు” అని చాట్‌లో రాస్తారు. రాయనివ్వండి, జవాబివ్వొద్దు. వెంటనే పోల్.

పోల్ 2. “గాలి ఆగింది, ఎండ కూడా వచ్చింది. ఇప్పుడు?”
కారు చూడ్డానికి కిందికి / డాబా మీదికి / పాలకి వీధిలోకి / ఇంట్లోనే

ఫలితం చూపించి రెండు క్షణాలు ఆగాక వక్త గారు: “మీరు చూసింది తుఫాను కన్ను. కాసేపటికి గాలి మళ్లీ వస్తుంది, ఈసారి ఎదుటి దిక్కునుంచి. మొదటి గాలికి వదులైన కొమ్మ, రేకు అప్పుడు ఎగురుతుంది. తుఫాను దాటిందని అధికారులు చెప్పేదాకా గడప దాటకండి.” తప్పు జవాబులు ఎంత ఎక్కువైతే ఈ మాట అంత గట్టిగా నాటుతుంది, కాబట్టి పోల్ ముందు సూచనలివ్వొద్దు.

7:35 కాగితం, పెన్ను. హోస్ట్: “ఫోన్ చూడకుండా ఇంట్లోవాళ్ల నంబర్లు మూడు రాయండి. కింద 112 రాయండి.” నిమిషం మౌనం. బయటి ఊళ్ల పిల్లలు అమ్మానాన్నల పక్కింటివాళ్ల నంబరు రాయాలి. అది లేనివాళ్లు రేపే సంపాదించాలి.

7:38 ప్రశ్నలు. చాట్ చూసేవారు ఒకేరకం ప్రశ్నల్ని కలిపి అడగాలి. మధ్యలో, 7:46కి, వరసగా రెండు ప్రశ్నలకి కెమెరాలు తెరవమనండి. ముఖాలు కనిపిస్తే వక్త గారికీ ఉత్సాహం.

7:55 పోల్ 3. “రేపు పొద్దున్న మొదట ఏ పని?”
బ్యాటరీలు / కిటికీలు / పక్కింటివాళ్ల నంబరు / వాచ్‌మన్‌తో మాట్లాడడం

ఎక్కువ ఓట్లు పడ్డ పని ఎలా చేయాలో వక్త గారు రెండు నిమిషాల్లో చెబుతారు. 8:00కి ఆపేయాలి, ప్రశ్నలు మిగిలినా సరే. మిగిలినవాటికి ఆదివారం మధ్యాహ్నంలోగా అసోసియేషన్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆడియో జవాబులు వెళ్లాలి. రికార్డింగ్ పంపేముందు 30 సెకన్ల మౌనాన్ని ఎడిటింగ్‌లో కత్తిరించొద్దు.